వెలంగపూండి ఎక్కడుంది?

వెలగపూడి పేరు ఇవాళ వినని తెలుగువాళ్ళు తక్కువ. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం అక్కడే నడుస్తోంది. బదిలీ కాగితం పట్టుకొచ్చేవాళ్ళు, బిల్లు పాస్ కాలేదని తిరిగేవాళ్ళు, టీవీ వాళ్ళ కార్లు, అన్నీ ఆ దారినే పోతుంటాయి. ఆ పక్కనే మల్కాపురం అనే చిన్న ఊళ్ళో, పైన నంది కూర్చున్న నిలువెత్తు రాతిస్తంభం ఒకటుంది. దాని మీద సంస్కృతంలోనూ తెలుగులోనూ చెక్కిన శాసనం 1261 నాటిది. అందులో వెలగపూడి ఉంది. కాకపోతే ఆ పేరుతో వెతికితే దొరకదు. రాతి మీద ఉన్నది ‘వెలంగపూండి’.

సొంత ఊరి చరిత్ర తవ్వాలనుకునేవాళ్ళు మొదట పట్టు తప్పేది ఇక్కడే. పూండి అంటే ఊరు. తమిళనాడులో గుమ్మిడిపూండి ఇప్పటికీ అలాగే ఉంది. మన నోటిలో మాత్రం ఆ నిండుసున్న తేలిపోయి అరసున్న అయింది, తర్వాత అరసున్న కూడా రాతలోంచి జారిపోయింది. పూండి, పూఁడి, పూడి. ముందున్న వెలంగ వెలగచెట్టే. ‘పూడి’తో ముగిసే ఊరివాళ్ళు శాసనాల సూచికలో ‘పూండి’ అని కూడా చూడకపోతే, ఉన్న శాసనాన్నే లేదనుకుని పుస్తకం మూసేస్తారు.

ఆ రాయి చెప్పే కథలో ఇంకా చాలామంది ఉన్నారు. కాకతీయ గణపతిదేవుడి దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యుడు. ఆయన పుట్టింది గౌడదేశంలో, అంటే నేటి బెంగాల్ వైపు. కృష్ణ దక్షిణపు ఒడ్డున మందరం అనే ఊరిని ఇస్తానని గణపతిదేవుడు గురువుగారికి మాట ఇచ్చాడు. ఆ మాటను కూతురు రుద్రమదేవి చెల్లించింది. మందరంతో పాటు వెలంగపూండిని, ఏటి లంకలను కూడా కలిపి ధారపోసింది. మందరమే నేటి మందడం. శివాచార్యుడు ఈ రెండు ఊళ్ళనూ కలిపి విశ్వేశ్వర గోళకి అనే అగ్రహారం చేశాడు. ద్రావిడదేశం నుంచి అరవై బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి నిలబెట్టాడు. గుడి కట్టాడు, మఠం కట్టాడు, వేదాలకూ శాస్త్రాలకూ అధ్యాపకులను పెట్టాడు. వచ్చే రాబడిలో ఒక వంతు శివుడికి, ఒక వంతు చదువుకునేవాళ్ళకూ మఠానికీ. మూడో వంతులో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడవాలి.

ఆ తర్వాత వచ్చే జాబితా ఒక ఊరి కొలువు పట్టీలా ఉంటుంది. వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, మేదరి, నాట్యం చేసే పదిమంది స్త్రీలు, మద్దెల వాయించేవాళ్ళు, వంటవాళ్ళు, కాశ్మీరం నుంచి వచ్చిన పాటగాడు ఒకడు, ఊరికి కాపలా కాసే వీరభద్రులు. ఎవరికెంత భూమి అన్నది కూడా ఉంది. ఒక బెంగాలీ గురువు, తమిళ బ్రాహ్మణులు, కాశ్మీరీ గాయకుడు కృష్ణ ఒడ్డున ఒకే ఊళ్ళో బతికారని ఆ రాయి లేకపోతే ఎవరూ ఊహించి ఉండరు.

అయితే ఆ రాయి మీద ఎవరు లేరో కూడా చూడాలి. ఆ పొలాలు దున్నిన రైతుల పేర్లు లేవు. అగ్రహారం కాకముందు ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళ సంగతి లేదు. శాసనం అంటే దానపత్రం, ఇవాళ్టి రిజిస్ట్రేషన్ దస్తావేజు లాంటిది. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఎంత, ఎల్లలేవి, ఎవరు అడ్డం రాకూడదు అన్నదే దాని గొడవ. దస్తావేజు చదివి ఊరంతా తెలిసిపోయిందనుకోవడం ఎంత పొరపాటో, ఒక శాసనం చదివి చరిత్ర పూర్తయిందనుకోవడం కూడా అంతే.

ఇంతకీ అది 1261 అని ఎలా తెలిసింది? శాసనంలో శక సంవత్సరం 1183 అని ఉంది. దానికి 78 కలిపితే 1261. అక్కడితో ఆగకూడదు. చెక్కినవాడు పొరపడవచ్చు, చదివినవాడు ఒకటిని ఏడనుకోవచ్చు. అందుకే శాసనం ఇచ్చే రెండో గుర్తు చూడాలి. సంవత్సరం పేరు దుర్మతి అని ఉంది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. మనకు గుర్తున్న దుర్మతి 1981లో వచ్చింది. 1981లోంచి 1261 తీసేస్తే 720, అంటే సరిగ్గా పన్నెండు చుట్లు. రెండూ కలిశాయి. ఇక మూడో గుర్తు వారం. శుక్రవారం. పండితులు లెక్కకట్టి తేల్చిన తేదీ 1261 మార్చి 25, అది నిజంగానే శుక్రవారం. ఇలా మూడు గుర్తులూ ఒకే చోటికి వస్తే తేదీ గట్టిది. శకవర్షం ఒకటి చెప్పి సంవత్సరం పేరు మరొకటి చెబితే, అంకె తప్పు చదివారో, శాసనమే తర్వాతి కాలంలో పుట్టించిందో అనుమానించాలి. ఒకటి రెండేళ్ళ తేడా వస్తే మాత్రం కంగారు పడనక్కరలేదు. శకాన్ని గడిచిన ఏడుతో లెక్కపెట్టేవాళ్ళూ ఉన్నారు, నడుస్తున్న ఏడుతో లెక్కపెట్టేవాళ్ళూ ఉన్నారు. పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో అయితే ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది కాబట్టి 79 కలపాల్సి వస్తుంది.

కొన్ని శాసనాల్లో అంకెలుండవు, మాటలుంటాయి. చంద్రుడంటే ఒకటి, కళ్ళంటే రెండు, గుణాలంటే మూడు, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, వసువులంటే ఎనిమిది, ఆకాశమంటే సున్న. వాటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. ‘గుణ వసు భూ శశి’ అని ఉందనుకుందాం. మూడు, ఎనిమిది, ఒకటి, ఒకటి. తిరగేస్తే 1183. ఈ కిటుకు తెలియక, రాతి మీద తేదీ లేదు, చంద్రుడి మీద పద్యమేదో ఉంది అని రాసుకొచ్చినవాళ్ళున్నారు.

మన ఊరికి ఇలాంటి రాయి ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు గుడికి వెళ్ళనక్కరలేదు, గ్రంథాలయానికి వెళ్ళాలి. భారత పురావస్తు శాఖ వాళ్ళు 1887 నుంచి ఊరూరా తిరిగి శాసనాల నకళ్ళు తీసి, ఏటేటా నివేదికలు వేశారు. మద్రాసు రాష్ట్రంలో దొరికిన తెలుగు శాసనాలు దక్షిణ భారత శాసన సంపుటాల్లో నాలుగు, అయిదు, ఆరు, పది భాగాల్లో ఎక్కువగా ఉన్నాయి. జయంతి రామయ్య పంతులు సంపాదకత్వం వహించిన పదో సంపుటం 1948లో వచ్చింది, అందులో ఉన్నవన్నీ తెలుగు శాసనాలే. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే విడిగా అచ్చయ్యాయి. తెలంగాణవైపు వాళ్ళకు వరంగల్, కరీంనగర్ లాంటి జిల్లాల శాసన సంపుటాలు 1970లలో మొదలయ్యాయి. శాసనాల పాఠం తెలుగు లిపిలోనే అచ్చయి ఉంటుంది కాబట్టి పాత లిపి రానివాళ్ళూ చదువుకోవచ్చు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చాలామంది అందులోనే పడతారు. ఆ పుస్తకాల్లో ఊళ్ళు అప్పటి జిల్లాల కింద ఉంటాయి. రాబర్ట్ సెవెల్ 1882లో మద్రాసు రాష్ట్రంలోని పాత కట్టడాల జాబితా వేశాడు. అందులో గుంటూరు జిల్లా అని వెతికితే దొరకదు. ఎందుకంటే గుంటూరు 1859లో మచిలీపట్నంతో కలిసి కృష్ణా జిల్లాలోకి వెళ్ళి, మళ్ళీ 1904లో గానీ విడి జిల్లా కాలేదు. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది కాబట్టి ఒంగోలు శాసనాలు గుంటూరులోనో, కందుకూరువి నెల్లూరులోనో ఉంటాయి. మండలాలు అసలు ఉండవు, తాలూకాలే. అందువల్ల పుస్తకం తెరిచే ముందు, 1880లో మా ఊరు ఏ తాలూకా, 1920లో ఏ తాలూకా అని ఒక చీటీ రాసుకుని వెళితే రోజంతా మిగులుతుంది.

పుస్తకాల్లో ఏమీ దొరకలేదంటే శాసనం లేదని కాదు. అప్పుడు గుడి దగ్గరికి వెళ్ళాలి. గోపురం చూసి వయసు చెప్పేయకూడదు. సున్నపు గోపురం, దాని మీద సిమెంటు బొమ్మలు, వాటి మీద ఏటేటా వేసే రంగులు, ఇవన్నీ ఆ గుడిలో అన్నిటికంటే చిన్న వయసువి. పాతవి తరచుగా కాళ్ళ కింద ఉంటాయి. మెట్లలో తిరగేసి వాడిన స్తంభం ముక్క, ధ్వజస్తంభం మొదట్లో నాటిన పలక, ప్రహరీగోడలో అడ్డంగా ఇమిడిపోయిన రాయి, రావిచెట్టు కింద పేర్చిన నాగశిలలు, వాటి పక్కన కత్తి ఎత్తి నిలబడిన వీరగల్లు. గర్భగుడి ద్వారబంధం మీద చెక్కిన బొమ్మను కూడా చూసుకోవాలి. లోపల ఒక దేవుడు, గడప మీద మరొక మతపు గుర్తు కనిపిస్తే, ఆ రాళ్ళు ఎక్కడినుంచో వచ్చాయి, లేదా ఆ గుడి చేతులు మారింది.

రాళ్ళు నడుస్తాయి కూడా. శాసనం ఈ గుడిలో ఉంది కాబట్టి ఈ గుడి గురించే అనుకోకూడదు. శాసనంలో దానం పొందిన దేవుడి పేరు, గుడిలో ఉన్న దేవుడి పేరు ఒకటేనా చూడాలి. రాతలో మల్లేశ్వరుడుండి, గుళ్ళో చెన్నకేశవుడుంటే, ఊళ్ళో పాడుబడ్డ శివాలయం ఎక్కడుండేదని అడగాలి. మల్కాపురానికి దగ్గర్లోని అమరావతిలో ఇదే పెద్దయెత్తున జరిగింది. 1797లో కోలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికి, వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నాడు. ఆ కట్టడాలకు దీపాలదిన్నె అని జనం పిలిచే మట్టిదిబ్బలోంచి తెల్లరాతి పలకలు తవ్వి తీసుకుపోయారు. ఆ దిన్నే అమరావతి మహాస్తూపం. ఊళ్ళో ఏ ఇంటి గోడలో ఏ పలక దాగి ఉండేదో ఎవరూ లెక్కపెట్టలేకపోయారు.

రాయి దొరికాక చదవడం ఎలా? మిట్టమధ్యాహ్నం చదవబోతే ఏమీ కనిపించదు, ఎండ నేరుగా పడి అక్షరాల లోతు చెరిగిపోతుంది. తెల్లవారగానే ఎండ పక్కనుంచి పడేటప్పుడు వెళ్ళాలి, లేదా చీకటి పడ్డాక. రాత్రిపూట ఒకరు రాతి పక్కన, దాదాపు రాతికి ఆనించి టార్చి పట్టుకోవాలి. వెలుతురు అడ్డంగా పాకుతుంటే ప్రతి గాటులోనూ నీడ నిలబడుతుంది. పగలు నున్నటి బండలా ఉన్న చోట ‘స్వస్తిశ్రీ’ మెల్లగా పైకి తేలుతుంది. టార్చి ఎడమనుంచి పెట్టి ఒక ఫొటో, కుడినుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీయాలి. ఎడమ వెలుతురులో గీతలా కనిపించింది కుడి వెలుతురులో పగులని తేలుతుంది. పక్కన స్కేలు పెట్టి తీస్తే అక్షరం ఎంత ఎత్తో తెలుస్తుంది. ఊరి పేరు, దిక్కు, రాయి ఎక్కడ నిలబడి ఉందో ఆ రోజే రాసుకోవాలి.

రాతి మీద నూనె మడ్డి, కుంకుమ, సున్నం పేరుకుని ఉంటే నీళ్ళు, మెత్తటి కుంచె సరిపోతాయి. ఇనుప బ్రష్షు, యాసిడ్ పనికిరావు. అక్షరాల్లో సుద్దముక్కతో గీసి ఫొటో తీయడం చాలామందికి అలవాటు. అందులో చిక్కేమిటంటే, గీసినవాడికి ఏ అక్షరం అనిపించిందో అదే ఫొటోలో పడుతుంది, రాతి మీద ఉన్నది పడదు. నిపుణులు చేసేది వేరు. తడిపిన కాగితాన్ని రాతికి అద్ది, కుంచెతో కొట్టి అక్షరాల్లోకి దిగేటట్టు చేసి, పైన నల్లసిరా పొత్తంతో తడతారు. గాట్లు తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. అది చేయి తిరిగినవాళ్ళ పని. ఊరివాళ్ళు మంచి ఫొటోలు తీసి రాష్ట్ర పురావస్తు శాఖకో, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికో పంపితే చాలు. పూర్తిగా చదవలేకపోయినా శకవర్షం అంకెలు, రాజు పేరు, ఊరి పేరు పట్టుకోవడం కొన్నాళ్ళ సాధనతో వస్తుంది. పద్ధతి అన్నిటికీ దాదాపు ఒకటే. ముందు స్వస్తి, తర్వాత తేదీ, రాజు బిరుదులు, దాత, దానం, ఎల్లలు. చివర్లో ఈ దానాన్ని కాజేసినవాడు అరవైవేల ఏళ్ళు పురుగై పుడతాడన్న శాపం.

రాయి తర్వాత కాగితం. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు ఏలూరువాళ్ళు. బొర్రయ్య 1803లో పోయాక లక్ష్మయ్య ఆ పని నడిపించాడు. వాళ్ళూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న తాటాకు కవిలెలు చూసి, పెద్దలను అడిగి రాయించినవే గ్రామ కైఫియత్తులు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించాడు కాబట్టి అవి మిగిలాయి. గుంటూరు, కడప ప్రాంతాల కైఫియత్తులు పుస్తకాలుగానూ వచ్చాయి. ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు ప్రతిష్ఠించారు, చెరువు ఎవరు తవ్వించారు, కరణీకం ఏ ఇంటిపేరువాళ్ళది, ఎవరి మాన్యం ఎంత, ఏ దొర కాలంలో ఎవరు ఊరు దోచారు, ఇవన్నీ అందులో ఉంటాయి. రెండు వందల ఏళ్ళ కిందటి తాతలతో కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది.

తాతలు చెప్పినదంతా నిజమా? గుంటూరు ప్రాంతపు కైఫియత్తుల్లో ఒక మాట పదే పదే కనిపిస్తుంది. శక 1067లో గణపతిదేవ మహారాజు మంత్రి గోపరాజు రామన్న ఊళ్ళకు కరణాలను నియమించి మిరాశీలు ఇచ్చాడని. 1067కు 78 కలిపితే 1145. గణపతిదేవుడు సింహాసనం ఎక్కింది 1199లో. అప్పటికి రాజే లేడు, మంత్రి ఎక్కడినుంచి వస్తాడు? అలాగని ఆ కైఫియత్తును పక్కన పడేయడం తొందరపాటు. కరణీకం తమకు హక్కుగా వచ్చిందని చూపించుకోవాల్సిన అవసరం ఆ కుటుంబాలకు ఉంది. ఆ అవసరానికి ఒక పెద్ద రాజు పేరు, ఒక పాత తేదీ కావాలి. కాబట్టి ఆ వాక్యం పన్నెండో శతాబ్దం గురించి పెద్దగా చెప్పదు, 1810 ప్రాంతంలో కరణాలు ఏమని చెప్పుకునేవారో మాత్రం బాగా చెబుతుంది. అదే కైఫియత్తులో నూటయాభై ఏళ్ళ లోపు సంగతులు, ముఖ్యంగా మాన్యాలూ చెరువులూ, చాలావరకు నమ్మదగ్గవి. ముక్కంటి మహారాజు ఊరు కట్టించాడన్న మొదటి పేరా మాత్రం ఉప్పు వేసుకుని చదవాలి.

చివరికి బతికున్న పెద్దల దగ్గరికి. ఇక్కడ అడగకూడని ప్రశ్న ఒకటుంది. ‘ఏం తాతా, మన గుడి ఎప్పటిది?’ దీనికి జవాబు ఏ ఊళ్ళోనైనా ఒకటే. ‘వెయ్యేళ్ళ నాటిదిరా.’ కాస్త ఉత్సాహం ఉన్న తాత అయితే గర్భగుడిలోంచి కొండవీటి దాకా సొరంగం ఉందని కూడా చెబుతాడు. ఉన్న సొరంగాలన్నీ నిజమైతే గుంటూరు జిల్లా ఈపాటికి కుంగిపోయి ఉండేది. తాత అబద్ధం చెప్పడం లేదు. అడిగినదానికి ఆయన దగ్గర సమాచారం లేదు, మర్యాదకు ఏదో ఒకటి చెబుతున్నాడు, అంతే.

ఆయనకు నిజంగా తెలిసినవి వేరే ఉన్నాయి. ఊరేగింపు ఏ వీధిలో ముందు ఆగేది, మొదటి హారతి ఏ ఇంటివాళ్ళది, గుడికి పాలు ఎవరు పోసేవారు, డప్పు కొట్టినందుకు ఏ చేను ఇచ్చారు, పొలాల పేర్లేమిటి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కోసారి శాసనంతో సమానం. మంగలి మాన్యం, చాకలి మాన్యం, భోగం మాన్యం, దేవర చేను, అఖండం పొలం. అఖండదీపానికి గొర్రెలనో ఆవులనో ఇచ్చి, వాటిని తీసుకున్న బోయ రోజూ ఇంత నెయ్యి గుడికి పోయాలని రాసిన శాసనాలు ద్రాక్షారామంలో లెక్కలేనన్ని. మల్కాపురం శాసనంలో ఊరి వృత్తులవాళ్ళకు భూములిచ్చిన పద్ధతికీ, నిన్నమొన్నటి మాన్యాలకూ మధ్య ఆరేడు వందల ఏళ్ళున్నా, పేర్ల తీరు ఒక్కటే.

పొలాల పేర్లలో ‘పాటి’ అని వినిపిస్తే చెవులు నిక్కబొడుచుకోవాలి. పాటిదిబ్బ, పాటిమీద, పాటిచేను అంటే పాత ఊరు ఉండి పాడైన చోటు. అక్కడి మట్టి బూడిద రంగులో, సారవంతంగా ఉంటుందని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. ఆ మట్టిలో నల్లటి ఎర్రటి పెంకులు, పూసలు, పెద్ద పెద్ద పాత ఇటుకలు తేలుతుంటాయి. ఇప్పటి ఊరు అక్కడినుంచి ఎందుకు లేచి వచ్చిందన్నది పెద్దలను అడగాల్సిన అసలు ప్రశ్న. కలరా అంటారు, వరద అంటారు, దొంగల దాడి అంటారు. ముగ్గురు వేర్వేరు కులాల పెద్దలు, వేర్వేరుగా అడిగితే, ఒకే కారణం చెప్పారా లేదా అన్నది చూడాలి. రచ్చబండ దగ్గర పదిమందిని ఒకేసారి అడిగితే మొదట నోరు తెరిచినాయన మాటే అందరి మాట అయిపోతుంది. కరణం ఇంట్లో విన్న ఊరి కథకూ, మాలపల్లిలో విన్న ఊరి కథకూ తేడా వస్తే రెండూ రాసుకోవాలి. ఆడవాళ్ళను విడిగా అడగాలి, ఏ ఊరి నుంచి కోడళ్ళు వచ్చేవారో, ఏ దేవతకు మొక్కేవారో వాళ్ళకే తెలుసు. పిచ్చుకుంట్లవాళ్ళు ఊరికి వచ్చే అలవాటు ఉంటే, వంశాల పేర్లు వాళ్ళ నోటనే వరసగా ఉంటాయి.

పెద్దల మాటకు తేదీ కట్టడానికీ అరవై ఏళ్ళ చక్రమే ఆధారం. ఒక అవ్వ తాను యువ నామ సంవత్సరంలో పుట్టానంటే అది 1935. కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్న 1515 కూడా యువే, ఏడు చుట్ల వెనక. ‘నందన కరువులో మావాళ్ళు ఈ ఊరొచ్చారు’ అని ఆమె అంటే, నందన 1952లోనూ వచ్చింది, 1892లోనూ వచ్చింది, 1832లోనూ వచ్చింది. గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన డొక్కల కరువు 1832–33 నాటిది. వచ్చినవాడు ఆమెకు ఎన్నో తరం తాత అని అడిగి, తరానికి పాతికేళ్ళ చొప్పున లెక్కకడితే ఏ నందనో తేలిపోతుంది. ధాత కరువు 1876లోది. కృష్ణా తీరంలో 1855లో పూర్తయిన ఆనకట్ట, 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, దివిసీమవాళ్ళకు 1977 ఉప్పెన, తెలంగాణలో 1948 పోలీసు చర్య, ఇవన్నీ గూటాలు. దానికి ముందా వెనకా అని అడిగితే చాలు, సంవత్సరం అడగనక్కరలేదు.

జ్ఞాపకం ఏది మరిచిపోతుంది, ఏది పట్టుకుంటుంది అన్నదానికి కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర గుట్ట మంచి సాక్ష్యం. జనం దాన్ని బొమ్మలమ్మగుట్ట అంటారు. బండ మీద జైన తీర్థంకరులు, చక్రేశ్వరి బొమ్మలున్నాయి. కింద పదో శతాబ్దపు శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు దాన్ని వేయించాడు. తెలుగు కందపద్యాలు రాతి మీద కనిపించే తొలి చోట్లలో అదొకటి. శాసనం ఆ కొండను వృషభగిరి అంటుంది. ఊళ్ళో ఆ పేరు లేదు, జైనుల ఊసు లేదు, పంపడు ఎవరో తెలియదు. కానీ గుట్ట మీద బొమ్మ ఉందనీ ఆమె అమ్మ అనీ వెయ్యేళ్ళు గుర్తుంది. అమ్మవారి పేరు చెప్పి ఎవరైనా దారి చూపిస్తే, ‘అబ్బే, అది కాదండీ’ అనకుండా వెంట వెళ్ళినవాళ్ళకే ఆ శాసనం కనిపిస్తుంది.

రెవెన్యూ కాగితాలు ఈ మూడింటినీ కలిపే దారం. ఆంధ్రవైపు 1860లలో ఇనాం కమిషన్ విచారించి రాసిన ఇనాం రిజిస్టర్లలో ఏ సర్వే నంబరు ఏ దేవుడిది, ఏ వృత్తివాళ్ళ మాన్యం అన్నది ఉంటుంది. తెలంగాణలో సేత్వార్, 1954–55 నాటి ఖాస్రా పహాణీ ఉన్నాయి. గ్రామ నక్షా తీసుకుని, పెద్దాయన చెప్పిన పొలం పేరును సర్వే నంబరు మీద పెన్సిలుతో రాసుకుంటూ పోవాలి. 1984లో కరణీకాలు రద్దయ్యాక చాలా ఇళ్ళలో పాత దస్త్రాలు అటకెక్కాయి, చెదలు పట్టాయి. కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. అడిగే తీరులో అడిగితే దించి చూపిస్తారు. భూమి తగాదా ఏదో తేవడానికి వచ్చారన్న అనుమానం వస్తే మాత్రం కాఫీ ఇచ్చి పంపేస్తారు.

ఆ నక్షా పట్టుకుని శాసనంలో చెప్పిన ఎల్లలు నడిచి చూడడం ఈ పని మొత్తంలో ఒళ్ళు పులకరించే ఘట్టం. తూర్పున పుట్ట, ఆగ్నేయాన చింతచెట్టు, దక్షిణాన ఫలానా ఊరి డొంక, పడమట వాగు, ఇలా ఉంటాయి ఎల్లలు. చెట్టు ఎప్పుడో పోయి ఉంటుంది. కానీ వాగు, డొంక, చెరువుకట్ట అంత సులువుగా కదలవు. పక్కూరి పొలిమేర రాయి ఇప్పటికీ అక్కడే ఉండవచ్చు. రెండు మూడు ఎల్లలు కుదిరినా శాసనంలోని ఊరు ఇదేనని గట్టిగా చెప్పవచ్చు. పేరు పోలిక ఒక్కటే ఉండి ఎల్లలు ఒక్కటీ కుదరకపోతే, ఆ పేరుతో మరో ఊరు ఉందేమో వెతకాలి. వెలగపూడి విషయంలో ఆ సందేహం రాలేదు. మందడం పక్కనే ఉంది, కృష్ణ పక్కనే ఉంది, రాయి కూడా అక్కడే ఉంది.

అన్ని ఊళ్ళకూ అంత అదృష్టం లేదు. జీర్ణోద్ధరణ పేరుతో ఇసుక విసిరే యంత్రంతో రాతిని తోమితే ఒక్క పూటలో అక్షరాలు అరిగిపోతాయి. గుప్తనిధి కోసం వచ్చినవాళ్ళు శాసనాన్ని నిధి పటం అనుకుని పగలగొడతారు. ఏ హానీ తలపెట్టని భక్తులు చేసే పని ఇంకొకటి ఉంది. గుడి ముందు బురదగా ఉంటోందని చందాలు వేసుకుని, ఆవరణంతా అడుగు మందాన గచ్చు పోయిస్తారు. నిలువు రాయి అలాగే ఉంటుంది, కింద నాలుగు వరుసలు గచ్చులోకి వెళ్ళిపోతాయి. తేదీ, రాజు బిరుదులు పైన కనిపిస్తూనే ఉంటాయి. ఊరి ఎల్లలు చెప్పేవి చాలాసార్లు ఆ కింది నాలుగు వరుసలే.